పాస్‌వర్డ్ మార్చాక మిగిలే పని

(గుంటూరులో మిర్చి వ్యాపారుల కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. యార్డుకు సెలవు కాబట్టి ఇంతమంది వచ్చారు. సరుకు దిగే రోజైతే నేనూ ఈ మైకూ మాత్రమే ఉండేవాళ్లం. (నవ్వులు)

నన్ను సైబర్ మోసాలన్నిటి గురించీ మాట్లాడమన్నారు. అన్నీ మాట్లాడితే ఏదీ గుర్తుండదు. అందుకని ఒక్క విషయమే తీసుకుంటాను. మన జీమెయిల్ వేరేవాడి చేతికి పోతే దాన్ని తిరిగి ఎలా తెచ్చుకోవాలి, తెచ్చుకున్నాక లోపల ఏమేం వెతకాలి, ఆ తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ ఎలా పెట్టుకోవాలి. ఈ మూడూ ఈ వరసలోనే జరగాలి. మనవాళ్లు మొదటిది చేస్తారు, మూడోది చేస్తారు, మధ్యలోదాన్ని వదిలేస్తారు. నష్టం అక్కడే జరుగుతోంది.

ఒక వ్యాపారి కథ చెబుతాను. పేరు చెప్పను. ఆయన కొలంబోకి ఎండుమిర్చి పంపిస్తారు. కొనే పార్టీతో బేరం వాట్సాప్‌లో నడుస్తుంది గాని, ఇన్వాయిస్, బ్యాంకు వివరాలు, షిప్పింగ్ కాయితాలు అన్నీ మెయిల్‌లోనే. షాపులో ఒకటే జీమెయిల్. ఆయనా, గుమాస్తా, హైదరాబాదులో ఉండే కొడుకూ ముగ్గురూ అదే పాస్‌వర్డ్ వాడతారు. ఇక్కడ నవ్వుతున్న వాళ్లందరి షాపుల్లోనూ అంతే అని నాకు తెలుసు.

ఒకరోజు ఆయనకు తెలిసిన ఇంకో వ్యాపారి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. "బాకీ లెక్క పంపాను, చూడండి" అని ఉంది, కింద ఒక లింకు. అసలు సంగతి ఏమిటంటే ఆ రెండో వ్యాపారి మెయిల్ అప్పటికే దొంగ చేతిలో ఉంది. పంపింది తెలిసిన మనిషే కదా అని ఈయన నొక్కారు. జీమెయిల్ లాగిన్ పేజీ లాంటిదే వచ్చింది. అదే రంగులు, అదే బొమ్మ. మెయిల్ ఐడీ కొట్టారు, పాస్‌వర్డ్ కొట్టారు. "డాక్యుమెంట్ దొరకలేదు" అని చెప్పి పేజీ మూసుకుపోయింది. ఈయన కూడా మర్చిపోయారు.

ఆ పేజీకీ అసలు పేజీకీ తేడా ఒక్కచోటే కనపడుతుంది, పైన అడ్రసు గీతలో. గూగుల్ పాస్‌వర్డ్ అడిగే పేజీ అడ్రసు accounts.google.com అని మొదలై, దాని వెనకే ఒక స్లాష్ గీత వస్తుంది. ఆ గీతకు ముందు ఇంకేవైనా మాటలు తగిలించి ఉంటే అది గూగుల్ కాదు. ఫోనులో ఆ అడ్రసు సగమే కనపడుతుంది. ఇలాంటి పేజీల వల వేసేవాళ్లకు ఫోనంటే ఇష్టం అందుకే.

నాలుగైదు రోజులు ఏమీ జరగలేదు. ఆ నాలుగైదు రోజులూ వాడు కూర్చుని మెయిల్స్ చదువుకున్నాడు. ఎవరితో వ్యాపారం, ఎంత అడ్వాన్సు, ఇన్వాయిస్ ఏ మాటలతో వెళ్తుంది, కింద సంతకం ఎలా ఉంటుంది, అన్నీ. తర్వాత ఈయన మెయిల్ నుంచే కొలంబో పార్టీకి రాశాడు: మా పాత బ్యాంకు ఖాతాలో ఆడిట్ నడుస్తోంది, ఈసారి అడ్వాన్సు ఈ కొత్త ఖాతాకు పంపండి. అదే రోజు పాస్‌వర్డ్ మార్చేశాడు, రికవరీ ఫోన్ నంబరు మార్చేశాడు. ఈయన బయటపడ్డారు.

కొలంబో ఆయనకు ఖాతా పేరు చూసి అనుమానం వచ్చి ఫోన్ చేశారు కాబట్టి డబ్బు పోలేదు. "నేనేం పంపలేదండీ" అని ఈయన అనేదాకా మెయిల్ పోయిన సంగతే ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. సర్వర్ ప్రాబ్లం అనుకున్నారట.

ఇక్కడ ఒక మాట. డబ్బు నిజంగా పోయి ఉంటే మెయిల్ సంగతి తర్వాత. ముందు 1930కి ఫోన్ చెయ్యాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి దాటిపోయేలోపు ఆపించగలిగితే దొరుకుతుంది. ఆ తర్వాత కష్టం.

సరే, మెయిల్ తిరిగి తెచ్చుకోవడం. ఈయన మొదట ఏం చేశారంటే, గూగుల్ కస్టమర్ కేర్ నంబరు కోసం నెట్‌లో వెతికారు. నంబరు దొరికింది కూడా. అవతలివాడు చక్కటి హిందీలో మాట్లాడి, ఫోన్‌లో ఒక యాప్ వేసుకోమన్నాడు, స్క్రీన్ చూస్తానన్నాడు. అదృష్టం కొద్దీ కొడుకు ఆపాడు. గుర్తుపెట్టుకోండి, పోయిన జీమెయిల్‌ను ఫోన్‌లో మాట్లాడి తిరిగి ఇచ్చే మనిషి గూగుల్‌లో లేడు. మెయిల్ తెచ్చిపెడతాను, ఇంత ఇవ్వండి అనేవాడు రెండో దొంగ. దారి ఒక్కటే, బ్రౌజర్‌లో ఇది కొట్టడం:

```
g.co/recover
```

ఇది కొట్టే ముందు ఎక్కడ కూర్చుని కొడుతున్నాం అన్నది చూసుకోవాలి. మనం మనమే అని గూగుల్ ఎలా నమ్ముతుంది? మనిషి మొహం దానికి తెలియదు. రోజూ ఏ కంప్యూటర్ నుంచి, ఏ బ్రౌజర్‌లో, ఏ ఊళ్లోంచి లాగిన్ అవుతున్నారో అది దానికి తెలుసు. కాబట్టి ఎప్పుడూ వాడే షాపు కంప్యూటర్, ఎప్పుడూ వాడే క్రోమ్, ఎప్పుడూ వాడే ఇంటర్నెట్ కనెక్షన్, వీటి మీద ప్రయత్నిస్తే అవకాశం బాగా పెరుగుతుంది. హైదరాబాదులో కొడుకు తెలివైనవాడే, కొత్త ల్యాప్‌టాప్‌లో కూర్చుని రాత్రంతా ప్రయత్నించాడు. గూగుల్‌కు అది తెలియని ఊరు, తెలియని మిషను. దొంగ కూడా సరిగ్గా అలాగే కనపడతాడు దానికి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. షాపు కంప్యూటర్‌లోనే వైరస్ ఉండి, దాని ద్వారానే పాస్‌వర్డ్ పోయిందని అనుమానం ఉంటే, ఉదాహరణకు దొంగ టాలీ, దొంగ విండోస్ వేయించిన మిషను అయితే, అక్కడ కొత్త పాస్‌వర్డ్ కొట్టడమంటే మళ్లీ వాడికి అప్పగించడమే. అప్పుడు ఎప్పుడూ మెయిల్ చూసుకునే ఫోన్ వాడండి. ఆ ఫోన్‌లో మెయిల్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే దయచేసి అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టబోకండి. తీసేస్తే మళ్లీ లోపలికి పోలేరు.

పేజీ తెరిచి మెయిల్ ఐడీ ఇస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. కొత్తది మనకు తెలియదు కదా. గుర్తున్న చివరి పాత పాస్‌వర్డ్ ఇవ్వండి. అది ఒకప్పుడు నిజంగా మీదే అయితే మీకు అనుకూలంగా లెక్కలోకి వస్తుంది. తర్వాత ఏదో ఒక ఫోన్‌కు కోడ్ పంపుతానంటుంది. ఆ నంబరు చివరి అంకెలు చూపిస్తుంది, అవి మీవి కావు, వాడివి. ఇక్కడే చాలామంది భయపడి ఆపేస్తారు. కిందే "Try another way" అని ఉంటుంది. అది నొక్కండి. రికవరీ నంబరు గాని, రికవరీ మెయిల్ గాని ఎవరైనా మార్చినా, మార్చిన 7 రోజుల వరకు పాత నంబరుకు, పాత మెయిల్‌కు కోడ్ పంపే అవకాశం గూగుల్ ఇవ్వవచ్చు. మన వ్యాపారికి పని చేసింది అదే. ఫోన్ వచ్చిన మర్నాడే కూర్చున్నారు, పాత నంబరు చివరి రెండంకెలు కనపడ్డాయి, కోడ్ వచ్చింది, లోపలికి వెళ్లారు. ఇంకో పది రోజులు సర్వర్ ప్రాబ్లం అనుకుంటూ ఉండి ఉంటే ఆ దారి మూసుకుపోయేది.

అడిగే ప్రశ్నల్లో తెలియనివి ఉంటే వదిలేయకండి, గుర్తున్నంతలో దగ్గర జవాబు ఇవ్వండి. తప్పు చెప్పినంత మాత్రాన వెళ్లగొట్టదు. మిమ్మల్ని సంప్రదించడానికి ఇంకో మెయిల్ అడిగితే, ఇప్పుడు మీరు తెరవగలిగిన మెయిల్ ఇవ్వండి, దాని స్పామ్ కూడా చూస్తూ ఉండండి. కొన్నిసార్లు వెంటనే ఇవ్వదు, కొన్ని గంటలో కొన్ని రోజులో ఆగమంటుంది. ఆగమంటే ఆగాలి. కొన్నిసార్లు ఎంత చేసినా ఇవ్వదు. రికవరీ నంబరు అసలు పెట్టుకోనివాళ్లకు, ఎప్పుడో పదేళ్ల కిందటి నంబరు పెట్టినవాళ్లకు అలాగే అవుతుంది. దానికి మంత్రం ఏమీ లేదు.

నంబరు గురించి చెప్పాను కాబట్టి ఇదీ వినండి. మన దేశంలో వాడకం ఆగిపోయి రద్దయిన మొబైల్ నంబరును 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. మీరు రీఛార్జి మానేసిన పాత సిమ్ మీ రికవరీ నంబరుగా ఉంటే, రేపు అది ఏ ఊళ్లో ఎవరి ఫోన్‌లో మోగుతుందో తెలియదు. మీ కోడ్ కూడా అక్కడికే పోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. ఆయన లోపలికి వెళ్లారు. కొత్త పాస్‌వర్డ్ పెట్టారు. కొడుకు టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా పెట్టించాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. వారం తర్వాత నా దగ్గరికి వచ్చారు. "అన్నీ చేశామండీ, కొలంబో వాళ్లు మెయిల్ పంపామంటారు, మాకు రాదు. మిగతా అందరివీ వస్తున్నాయి" అన్నారు.

షాపు కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, పైన పళ్లచక్రం గుర్తు నొక్కి, "See all settings" లోకి వెళ్లి, "Filters and Blocked Addresses" చూశాం. అక్కడ ఇలా ఉంది. కొలంబో వారి అసలు అడ్రసు బదులు ఉత్తుత్తిది రాస్తున్నాను:

```
Matches: from:(buyer@example.com)
Do this: Skip Inbox, Mark as read, Delete it
```

అంటే ఏమిటి? కొలంబో నుంచి వచ్చే ప్రతి మెయిలూ ఇన్‌బాక్స్‌లో ఆగకుండా, కొత్త మెయిల్ వచ్చినట్టు కూడా తెలియకుండా, నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది. వాడు రాసిన మెయిల్‌కు కొలంబో వాళ్లు ఇచ్చే జవాబులు ఈయన కంట పడకూడదు కదా, అందుకు పెట్టాడు. వాడు చెత్తబుట్టలోకి వెళ్లి చదువుకుని జవాబు రాసేవాడు.

ఈ ఫిల్టర్‌కు పాస్‌వర్డ్‌తో సంబంధం లేదు. పాస్‌వర్డ్ వందసార్లు మార్చినా అది అక్కడే కూర్చుని దాని పని అది చేసుకుపోతుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా అంతే. అది లోపలికి వచ్చేవాణ్ణి ఆపుతుంది గాని, ముందే లోపల రాసిపెట్టి పోయిన ఏర్పాట్లను చెరపదు. ఇంకో సంగతి, ఫోన్‌లో ఉండే జీమెయిల్ యాప్‌లో ఈ ఫిల్టర్ల పేజీయే ఉండదు. ఫోన్ మాత్రమే వాడేవాళ్లు ఏళ్ల తరబడి దీన్ని చూడకుండా బతికేయొచ్చు.

ఫిల్టర్ తీసేశాం. పోయిన మెయిల్స్ కోసం వెతికే గడిలో ఇలా కొట్టాం:

```
in:anywhere from:buyer@example.com
```

మామూలుగా వెతికితే చెత్తబుట్టలోవి, స్పామ్‌లోవి చూపించదు. in:anywhere అంటే అన్నిచోట్లా వెతుకుతుంది. చెత్తబుట్టలో మెయిల్ 30 రోజులే ఉంటుంది కాబట్టి, వాటిని వెంటనే ఇన్‌బాక్స్‌లోకి లాక్కున్నాం. రేపు పోలీసులకు చూపించాలన్నా అవే కావాలి.

పక్కనే "Forwarding and POP/IMAP" అని ఇంకో పేజీ ఉంది. అందులో ఎవరిదో తెలియని అడ్రసుకు ప్రతి మెయిల్ కాపీ పోతోంది. పోస్టాఫీసులో ఎవడో మన పేరుతో అర్జీ ఇచ్చి మన ఉత్తరాలన్నీ ఒక కాపీ తన ఇంటికి వేయించుకుంటున్నట్టు. ఆలోచించండి, పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ పెట్టి, ఈ వారం రోజులూ ఆయన కొత్త ఇన్వాయిస్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ వాడికి చక్కగా చేరుతూనే ఉన్నాయి. వాడు లాగిన్ కావాల్సిన అవసరమే లేదు.

ఆ అడ్రసు తీసేశాక "Accounts and Import" చూశాం. అక్కడ మూడు చూడాలి. "Send mail as" లో మీది కాని అడ్రసు ఏదైనా ఉందా. అక్కడే "edit info" నొక్కి లోపల జవాబులు వెళ్లే అడ్రసు మార్చారా. మూడోది "Grant access to your account". దాంట్లో ఎవరి పేరైనా ఉంటే, వాళ్లు తమ సొంత పాస్‌వర్డ్‌తో మీ మెయిల్ చదవగలరు, మీ పేరుతో పంపగలరు. ఈయన దాంట్లో ఏమీ లేదు. జనరల్ పేజీలో సంతకం కూడా చదవండి. మెయిల్ కింద బ్యాంకు ఖాతా నంబరు సంతకంలా పెట్టుకునే అలవాటు మనవాళ్లలో ఉంది, దాంట్లో అంకెలు మార్చేసి పోతే ప్రతి మెయిలూ మీరే స్వయంగా దొంగ ఖాతాతో పంపిస్తారు.

ఇవన్నీ జీమెయిల్ లోపలివి. గూగుల్ ఖాతాకు వేరే పేజీ ఉంది, myaccount.google.com. దాంట్లో Security అని ఉన్నచోటికి వెళ్తే రికవరీ ఫోన్, రికవరీ మెయిల్, ఏయే ఫోన్లు కంప్యూటర్లు లాగిన్ అయి ఉన్నాయి, ఏయే యాప్‌లకు ఖాతా చూసే అనుమతి ఉంది, అన్నీ ఉంటాయి. రికవరీ మెయిల్‌ను మరీ జాగ్రత్తగా చదవండి. ఒక్క అక్షరం తేడాతో మీ కొడుకు మెయిల్ లాంటిదే పెట్టి పోతారు. తెలియని మిషను కనపడితే దాన్ని సైన్ అవుట్ చెయ్యండి. లాగిన్ పద్ధతుల్లో పాస్‌కీ, అథెంటికేటర్ అని ఉంటాయి, అవేమిటో తర్వాత చెబుతాను, ముందు అవి మీరు పెట్టినవేనా చూడండి. వాడు తన ఫోన్‌లో పాస్‌కీ పెట్టుకుని ఉంటే, ఆ పాస్‌కీని లిస్టులోంచి తీసేస్తే తప్ప పని కాదు.

ఇక క్రోమ్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు. బ్యాంకు, జీఎస్టీ, ఆదాయపన్ను, అన్నీ "సేవ్" నొక్కుకుంటూ పోయి ఉంటారు. అవన్నీ ఈ గూగుల్ ఖాతాలోనే ఉంటాయి. మెయిల్ పోయిందంటే అవి కూడా వాడు చూశాడనే లెక్క వేసుకుని ఒక్కొక్కటీ మార్చుకోవాలి, బ్యాంకుతో మొదలుపెట్టి. ఈ పనికి ఒక పూట పడుతుంది. విసుగ్గానే ఉంటుంది.

ఇదంతా అయ్యాకే టూ స్టెప్ వెరిఫికేషన్. ముందే పెట్టేసినా తప్పేం లేదు, కాని పెట్టేశాం కదా అని ఈ శుభ్రం చేసే పని ఆపకూడదు.

టూ స్టెప్ అంటే మీకు బ్యాంకు వల్ల తెలుసు. పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు. గూగుల్‌లో ఆ రుజువు చాలా రకాలుగా ఇవ్వొచ్చు, అన్నీ ఒకే బలంగా ఉండవు. మనకు అలవాటైనది మెసేజ్‌లో వచ్చే కోడ్. ఏమీ లేకపోవడం కంటే అది ఎంతో మేలు. 2019లో గూగుల్ వాళ్లు ఒక పరిశోధన బయటపెట్టారు. మెసేజ్ కోడ్ ఉంటే, మూకుమ్మడిగా వల వేసే ఫిషింగ్‌లో 96 శాతం ఆగాయి. కాని ఒక మనిషిని ఎంచుకుని పట్టుబట్టి చేసే దాడుల్లో 76 శాతమే ఆగాయి. మన వ్యాపారి మీద జరిగింది రెండో రకం. నాలుగు రోజులు కూర్చుని మెయిల్స్ చదివినవాడు, మీ సిమ్ పోయిందని దొంగ కాయితాలతో డూప్లికేట్ సిమ్ తీసుకోవడానికి కూడా వెనకాడడు.

ఫోన్ తెరమీదే "Is it you trying to sign in?" అని అడిగే పద్ధతి అంతకంటే బలమైనది. మీరు లాగిన్ అవుతుంటే అది వస్తుంది, Yes నొక్కుతారు. మీరు లాగిన్ కాకుండా అది వచ్చిందా, ఎవడి దగ్గరో మీ పాస్‌వర్డ్ ఉందని అర్థం. No నొక్కి వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి. భోజనం చేస్తూ, బేరం మధ్యలో, వచ్చింది కదా అని Yes నొక్కేవాళ్లు ఉన్నారు. వాళ్లకు టూ స్టెప్ ఉన్నా లేనట్టే.

ఇంకోటి అథెంటికేటర్ యాప్. ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే భయం పోతుంది. పెట్టేటప్పుడు కంప్యూటర్ తెరమీద ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది, దాన్ని ఫోన్‌తో స్కాన్ చేస్తారు. ఆ కోడ్‌లో ఒక రహస్య అక్షరాల వరస ఉంటుంది. అప్పటినుంచి ఆ రహస్యం గూగుల్ దగ్గరా, మీ ఫోన్ దగ్గరా, రెండు చోట్లా ఉంటుంది. రెండూ ఆ రహస్యాన్నీ అప్పటి టైమునూ కలిపి ఒకే లెక్క వేస్తాయి, ఆరంకెల జవాబు వస్తుంది. ప్రతి 30 సెకన్లకు టైము మారుతుంది కాబట్టి జవాబూ మారుతుంది. ఎవరూ ఎవరికీ ఏమీ పంపరు. అందుకే సిగ్నల్ లేకపోయినా, సిమ్ లేకపోయినా పనిచేస్తుంది. కోడ్ సరైనదే కొట్టినా తప్పంటోందంటే ముందు ఫోన్‌లో గడియారం చూడండి, చేత్తో మార్చి ఉంటారు. టైమును ఆటోమేటిక్‌లో పెడితే సర్దుకుంటుంది. పెట్టేటప్పుడు ఆ క్యూఆర్ కోడ్‌ను ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టుకోకండి. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ఫోన్ కూడా మీ కోడ్‌లే చూపిస్తుంది.

ఫోన్ పోతే ఎలా అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. వస్తున్నా. టూ స్టెప్ పెట్టుకునే పేజీలోనే "Backup codes" అని ఉంటుంది. నొక్కితే పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు. ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. కాయితం మీద ప్రింట్ తీసి బీరువాలో దస్తావేజుల దగ్గర పెట్టండి. మెయిల్‌లో దాచుకోకండి, మెయిల్ తెరవడానికే కదా అవి. ఆ కాయితం కనపడకుండా పోతే కొత్త పది తీసుకోవచ్చు, తీసుకోగానే పాత పదీ చెల్లకుండా పోతాయి. నా లెక్కలో టూ స్టెప్ పెట్టి ఈ కాయితం తియ్యనివాడు సగం పనే చేశాడు. దొంగ వల్ల కాకుండా సొంత టూ స్టెప్ వల్లే మెయిల్ పోగొట్టుకునేవాళ్లు వీళ్లే.

ఇప్పుడు దీని హద్దులు. మొదట చెప్పిన దొంగ పేజీ గుర్తుందా? ఇప్పుడు వచ్చే దొంగ పేజీలు పాస్‌వర్డ్ అడిగాక కోడ్ కూడా అడుగుతాయి. మీరు కొట్టగానే ఆ 30 సెకన్లలోపే వాళ్ల మిషను దాన్ని అసలు గూగుల్ పేజీలో కొట్టేస్తుంది. మెసేజ్ కోడ్ అయినా, యాప్ కోడ్ అయినా ఇదే గతి. దీన్ని ఆపేది పాస్‌కీ, లేదా యూఎస్‌బీ సెక్యూరిటీ కీ. పాస్‌కీ అంటే మీ ఫోన్ వేలిముద్రతోనో, తెర తాళంతోనో లాగిన్ కావడం. దాంట్లో మీరు ఎవరికీ చెప్పగలిగే అంకె అంటూ ఏదీ ఉండదు. అది ఏ సైటు కోసం తయారైందో ఆ సైటులోనే పనిచేస్తుంది. పేజీ మీ కంటిని మోసం చెయ్యొచ్చు, అడ్రసు చూసే పాస్‌కీని మోసం చెయ్యలేదు. పెద్ద పార్టీలతో ఎగుమతి చేసేవాళ్లు ఇది పెట్టుకోవాలనే నా అభిప్రాయం.

పాస్‌కీ కూడా ఆపలేనిది ఒకటుంది. లాగిన్ అయ్యాక బ్రౌజర్‌లో ఒక గుర్తు మిగులుతుంది, దాన్ని కుకీ అంటారు. దానివల్లే రోజూ పాస్‌వర్డ్ అడగదు. దొంగ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే వైరస్ ఆ కుకీనే ఎత్తుకుపోతే, వాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, కోడూ అక్కర్లేదు. ఆ కంప్యూటర్‌ను శుభ్రం చేయించి, అన్ని మిషన్లనూ సైన్ అవుట్ చెయ్యాలి. అందుకే ఇందాక దొంగ టాలీ మాట ఎత్తాను.

సరే, ప్రశ్నలు.

(సభలో ఒకరు: మా షాపులో గుమాస్తా మెయిల్ చూడాలి కదండీ. కోడ్ నా ఫోన్‌కు వస్తే నేను యార్డులో ఉంటాను. ప్రతిసారీ ఫోన్ చేసి చెప్పాలా?)

చెప్పకూడదు బాబాయ్ గారూ. ఫోన్‌లో కోడ్ చెప్పడం మీకు అలవాటైతే, రేపు గుమాస్తా గొంతుతో ఇంకెవడో అడిగినా చెప్పేస్తారు. ఇందాక దొంగలు వాడతారని చెప్పిన "Grant access to your account" ఉంది చూశారూ, దాన్ని పెట్టిందే ఇందుకు. గుమాస్తాకు వేరే జీమెయిల్ పెట్టించండి, దాని పాస్‌వర్డ్ అతనిదే, టూ స్టెప్ అతనిదే. మీ మెయిల్‌లో అతని అడ్రసు చేర్చండి. అతనికి ఒక మెయిల్ వెళ్తుంది, ఒప్పుకోగానే తన ఖాతాలోంచే షాపు మెయిల్స్ చదువుతాడు, జవాబులిస్తాడు. మీ పాస్‌వర్డ్ మార్చడం అతని వల్ల కాదు. అలా పదిమంది వరకు చేర్చొచ్చు. పని మానేసి వెళ్లిన రోజు ఆ పేరు తీసేస్తే సరిపోతుంది, ఊరందరికీ తెలిసిన పాస్‌వర్డ్ మార్చుకునే బాధ లేదు.

(ఇంకొకరు: షాపు కంప్యూటర్‌లో "ఈ మిషన్‌లో మళ్లీ అడగొద్దు" అని టిక్ పెట్టొచ్చా?)

మీరొక్కరే కూర్చునే మిషను అయితే పెట్టుకోండి. నలుగురు కూర్చునేదైతే వద్దు. నెట్ సెంటర్‌లో ఎప్పుడూ వద్దు.

(ఒక మహిళ: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడండీ. వాడి మెయిల్‌కు ఇక్కడి నంబరే ఉంది. ఆ సిమ్ నా దగ్గర పాత ఫోన్‌లో ఉంది, కోడ్ వస్తే నేనే చదివి చెబుతాను.)

అమ్మా, మీరు ఆ సిమ్‌కు రీఛార్జి ఎన్నాళ్లు చేస్తే అన్నాళ్లే అది వాడిది. మర్చిపోయి నంబరు రద్దయితే ఇందాక చెప్పిన 90 రోజుల లెక్క మొదలవుతుంది. అక్కడ అర్ధరాత్రి వాడికి కోడ్ కావాల్సి వస్తే మీరు ఇక్కడ గుడిలో ఉండొచ్చు. ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. కోడ్ ఇంకా మీకు వస్తోంది కాబట్టి ఇప్పుడు తేలిగ్గా అయిపోతుంది. ముందు అక్కడి నంబరు రికవరీ ఫోన్‌గా చేర్చాలి. తర్వాత అథెంటికేటర్ గాని పాస్‌కీ గాని పెట్టి, ఒకసారి లాగ్ అవుట్ అయి దాంతో లోపలికి రాగలుగుతున్నాడో లేదో చూసుకోవాలి. అది పనిచేశాకే ఇక్కడి నంబరు తీసెయ్యాలి. ముందే తీసేస్తే ఇరుక్కుంటాడు. బ్యాకప్ కోడ్‌ల కాయితం ఒకటి వాడి దగ్గర, కావాలంటే ఇంకో కాపీ మీ బీరువాలో ఉంచుకోండి.

(ఇంకొకరు: ఇందాకటి వ్యాపారి కొలంబో పార్టీకి ఏం చెప్పారండీ చివరికి?)

మెయిల్ రాయలేదు. మెయిల్‌లో "నా మెయిల్ హ్యాక్ అయింది" అని రాస్తే నమ్మేదెలా? ముందునుంచీ తెలిసిన నంబరుకు ఫోన్ చేసి మాట్లాడారు. బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే, రెండు వైపులా ఫోన్‌లో గొంతు విని ఖాయం చేసుకున్నాకే డబ్బు పంపాలని ఇద్దరూ మాట అనుకున్నారు. మిగతా పార్టీలకూ గుమాస్తా చేత ఒక్కొక్కరికీ ఫోన్ చేయించారు. మొదట ఆ లింకు పంపిన వ్యాపారికి కూడా. ఆయనకు తన మెయిల్ పోయిందన్న సంగతి అప్పటిదాకా తెలియదు.